వర్గం చేసిన చలరాశి లెక్క: ఫొటో పంపి జవాబు కొనేవారు జాగ్రత్త

చేత్తో రాసిన లెక్కను ఫొటో తీసి పంపితే సబ్జెక్టు నిపుణుల చేత సాధన రాయించి ఇస్తామని చెప్పే ఒక చందా సేవకు డబ్బు కట్టి నష్టపోయిన తరువాత, డిగ్రీ స్టాటిస్టిక్స్ పరీక్షలకు సిద్ధమవుతూ అలాంటి సేవ కొనాలని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఆ సేవ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తీరున నడిచేవి చాలా ఉన్నాయి కనుక, పేరు తెలియడం కంటే అమ్మిన జవాబులో తప్పును ఎలా పట్టుకోవాలో తెలియడమే కొనేవారికి ఎక్కువ పనికి వస్తుంది. ఒకే లెక్కకు నాకు మూడు వేర్వేరు జవాబులు వచ్చాయి, మూడూ తప్పే.

నేను పంపిన లెక్క ఇది. X అనే యాదృచ్ఛిక చలరాశికి −1 నుంచి 2 వరకు ఏకరీతి విభాజనం ఉంది, అంటే ఆ అంతరంలో సాంద్రత అంతటా 1/3. Y = X² అయితే Y సాంద్రతా ప్రమేయాన్ని పరివర్తన పద్ధతిలో కనుక్కోవాలి. చూడడానికి రెండు పంక్తుల లెక్క, కానీ అంతరం సున్నాకు రెండు వైపులా సమానంగా లేదన్న ఒక్క విషయంలోనే దీని కష్టమంతా ఉంది.

మొదట వచ్చిన సాధనలో x = √y అని రాసి, దాని అవకలజం 1/(2√y) అని తీసుకుని, 1/3 తో గుణించి, 0 నుంచి 4 వరకు g(y) = 1/(6√y) అని ముగించారు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, జవాబు చుట్టూ ఎర్ర గడి కూడా గీశారు. కానీ సాంద్రత కింద ఉండే మొత్తం వైశాల్యం 1 కావాలి గదా. 1/√y సమాకలనం 2√y కనుక, 0 నుంచి 4 వరకు వైశాల్యం (1/6) × 2 × 2, అంటే 2/3 మాత్రమే వచ్చింది. మిగిలిన 1/3 సంభావ్యత ఎక్కడికి పోయిందో ఆలోచిస్తే తప్పు వెంటనే బయటపడుతుంది. X విలువ −1కీ 0కీ మధ్య ఉండే సంభావ్యత సరిగ్గా 1/3. రుణ వర్గమూలాన్ని వారు పట్టించుకోలేదు కనుక ఆ భాగం మొత్తం జవాబులోంచి జారిపోయింది. ప్రమేయం ఏకదిష్టంగా ఉన్నప్పుడు మాత్రమే ఒకే విలోమంతో పని జరుగుతుందనీ, వర్గ ప్రమేయం −1 నుంచి 2 వరకు మొదట దిగి తరువాత ఎక్కుతుంది కనుక ఇక్కడ ఆ వెసులుబాటు లేదనీ పరివర్తన పద్ధతి చెప్పే ప్రతి పాఠంలోనూ మొదటే ఉంటుంది.

ఫిర్యాదు పెట్టాను. సవరించిన జవాబంటూ రెండోది వచ్చింది: 0 నుంచి 4 వరకు 1/(3√y). రెండు మూలాలు ఉన్నాయి కనుక మొదటి జవాబును 2తో గుణించామని కింద ఒక వాక్యం రాశారు. దీని వైశాల్యం 4/3. ఒకటి కంటే ఎక్కువ సంభావ్యతను డబ్బు తీసుకుని అమ్మిన వారిని నేను ఇదే మొదటిసారి చూడడం.

ఈ రెట్టింపు అలవాటు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి, ఎందుకంటే చందా కట్టించుకునే ముందు వారు చూపించే నమూనా సాధనలు మనల్ని బోల్తా కొట్టించేది ఇక్కడే. నమూనాలో ఉన్నది ప్రామాణిక సామాన్య చలరాశి వర్గం, దాని నుంచి 1 స్వాతంత్ర్యాంకం గల కై-వర్గ విభాజనం వస్తుంది. అది సున్నాకు రెండు వైపులా ఒకేలా ఉండే సాంద్రత కనుక, ధన మూలం దగ్గర వచ్చిన దాన్ని రెట్టింపు చేస్తే జవాబు నిజంగానే సరిపోతుంది. −1 నుంచి 1 వరకు ఏకరీతి విభాజనం ఇచ్చినా అంతే. రెండు మూలాల దగ్గరా సాంద్రత సమానంగా ఉన్నంత వరకు రెట్టింపు ఒక అడ్డదారి మాత్రమే, పద్ధతి కాదు. ఆ తేడా తెలిసినవాడు రాశాడా, తెలియనివాడు రాశాడా అన్నది అలాంటి నమూనాను చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

సరైన పద్ధతిలో, ఒక y విలువకు ఎన్ని మూలాలు ఉన్నాయన్నది కాక, వాటిలో ఎన్ని X అంతరంలో పడుతున్నాయన్నది చూడాలి. y = 0.25 తీసుకుంటే మూలాలు 0.5, −0.5, రెండూ −1కీ 2కీ మధ్యనే ఉన్నాయి. y = 2.25 తీసుకుంటే మూలాలు 1.5, −1.5, ఇందులో −1.5 దగ్గర X సాంద్రత సున్నా, కాబట్టి 1.5 ఒక్కటే లెక్కకు వస్తుంది. ఈ మార్పు y = 1 దగ్గర జరుగుతుంది. ప్రతి మూలం దగ్గరా X సాంద్రతను dx/dy పరమ మూల్యంతో, అంటే 1/(2√y) తో గుణించి కలిపితే జవాబు రెండు వరుసలుగా వస్తుంది:

```
g(y) = 1/(3√y),   0 < y < 1
g(y) = 1/(6√y),   1 < y < 4
```

మొదటి వరుస వైశాల్యం 2/3, రెండో వరుస వైశాల్యం 1/3, మొత్తం 1. విభాజన ప్రమేయం ద్వారా చూసినా ఇదే వస్తుంది: y ఒకటి లోపు ఉన్నప్పుడు X విలువ −√y నుంచి √y వరకు ఉండే సంభావ్యత 2√y/3, ఒకటి దాటాక −1 నుంచి √y వరకు ఉండే సంభావ్యత (√y + 1)/3; y = 1 దగ్గర రెండూ 2/3 అయి కలుస్తాయి, వాటి అవకలజాలే పైన రాసిన రెండు వరుసలు. విచిత్రమేమిటంటే నాకు అమ్మిన మొదటి జవాబు 1 నుంచి 4 వరకు సరైనది, రెండోది 0 నుంచి 1 వరకు సరైనది. ఎక్కడ తెగాలో తెలియక రెండింటినీ చివరిదాకా సాగదీశారు.

నేను ఈ రెండు వరుసలూ రాసి పంపితే, వినియోగదారుల సహాయ విభాగం నుంచి వచ్చిన సమాధానం మరీ దారుణం. y = 0.01 దగ్గర నా జవాబు 3.33 అవుతోందనీ, సంభావ్యత ఒకటిని మించకూడదు కనుక తప్పు నాదేననీ రాశారు. మించకూడనిది సంభావ్యత, సాంద్రతకు ఆ కట్టడి లేదు. ఒక చిన్న అంతరం పొడవుతో గుణిస్తే గాని సాంద్రత సంభావ్యత కాదు. ఈ లెక్కలో y సున్నాకు దగ్గరయ్యే కొద్దీ సాంద్రత హద్దు లేకుండా పెరుగుతుంది, అయినా 0 నుంచి 0.01 వరకు ఉన్న సంభావ్యత (2/3) × 0.1, అంటే సుమారు 0.067 మాత్రమే. పైగా వారు పంపిన రెండో జవాబు కూడా y = 0.01 దగ్గర సరిగ్గా అదే 3.33 ఇస్తుందన్న సంగతి వారికి తట్టనే లేదు.

మూడో జవాబు సంగతి వేరు, కొనేవారు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది దీని విషయంలోనే. డబ్బు వాపసుకు బదులు ప్రశ్నను ఇంకో నిపుణుడికి పంపుతామని చెప్పి, అదే ఫొటోను మళ్లీ తీసుకున్నారు. ఈసారి g(y) = 1/(2√y), 1 < y < 4 అని వచ్చింది. వైశాల్యం లెక్కగడితే (1/2) × 2 × (2 − 1), సరిగ్గా 1. మొత్తం ఒకటి అయిందా లేదా అని మాత్రమే చూసుకునేవారు ఇక్కడ సంతోషంగా దించుకుని పోతారు. కానీ అసలు లెక్కలో Y విలువ 1 కంటే తక్కువ ఉండే సంభావ్యత అంటే X విలువ −1కీ 1కీ మధ్య ఉండే సంభావ్యతే, అది 2/3. ఈ జవాబు ప్రకారం అది సున్నా. కారణం కోసం వెతికితే సాధన పైన వారు టైపు చేసిన ప్రశ్నలో కనిపించింది: −1 < x < 2 అన్నది 1 < x < 2 అయిపోయింది. రుణ గుర్తు కాగితం మీద గీత పక్కనే పడింది, ఫొటోలో ఆ రెండూ కలిసిపోయి కనిపించి ఉండాలి. చేతిరాత చదవడంలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దాన్ని నేను తప్పు పట్టను. అయితే నా కాగితంలో సాంద్రత 1/3 అని స్పష్టంగా ఉంది. 1 నుంచి 2 వరకు 1/3 తీసుకుంటే వైశాల్యం 1/3 మాత్రమే అవుతుంది కనుక ఇచ్చిన ప్రశ్నే పొసగడం లేదని అక్కడే తెలిసిపోవాలి. తెలిసినవారైతే అక్కడ ఆగి నన్ను అడిగేవారు. వీరు అడగకుండా 1/3ను 1గా మార్చుకుని, తమకు నచ్చిన ఇంకో లెక్కను చేసి పంపారు.

ఆ సేవ నిబంధనల ప్రకారం జవాబును ఒకసారి తెరిచిన తరువాత డబ్బు వాపసు రాదు. తెరవకుండా తప్పో ఒప్పో చూసే వీలు లేదు. నాకు వాపసు రాలేదు. చందా నెలనెలా దానంతట అదే కోతపడేలా యూపీఐ ఆటోపే పెట్టించుకున్నారు కనుక, ఫోన్లోంచి వారి యాప్ తీసేస్తే కోత ఆగదు. మన యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగానికి వెళ్లి ఆ అనుమతిని మనమే రద్దు చేయాలి.

ఇంకా కొనాలనే ఉంటే, ఫొటో తీసే ముందు అంతరాన్ని లెక్క పక్కన మాటల్లో కూడా రాయండి: “X విలువ రుణ ఒకటి నుంచి రెండు వరకు”. వారు టైపు చేసిన ప్రశ్న తెరపై కనిపిస్తే, సాధన తెరిచే ముందే గుర్తులూ హద్దులూ మీ కాగితంతో సరిచూసుకోండి. చందా కట్టేముందు ఉచిత ప్రశ్నకు అవకాశం ఇస్తే సామాన్య విభాజనం గాని, సున్నాకు ఇరువైపులా సమానంగా ఉన్న అంతరం గాని అడగవద్దు. X కు −1 నుంచి 3 వరకు ఏకరీతి విభాజనం ఇచ్చి X² సాంద్రత అడగండి. 0 నుంచి 1 వరకు 1/(4√y), 1 నుంచి 9 వరకు 1/(8√y) అని రెండు వరుసలు రావాలి, ఒక్కో వరుస వైశాల్యం సగం. ఒకే వరుసలో 0 నుంచి 9 వరకు జవాబు వచ్చిందంటే అక్కడ డబ్బు కట్టకండి.