తెలంగాణ సోనాతో ఏడాదిన్నర: 51 అన్న అంకె మీదే నా కోపం

ఏడాదిన్నరగా ఇంట్లో తెలంగాణ సోనా బియ్యమే వండుతున్నాను. రుచి, సన్నదనం అందరికీ తెలిసినవే. నా కోపమల్లా, తిన్నది రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ 51 అన్న అంకెను మనకు చెప్పే తీరు మీద. "షుగర్ ఉన్నా కడుపునిండా తినొచ్చమ్మా" అన్నారు కొట్లో. నమ్మాను.

మొదటి నెల బాగానే గడిచింది. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు మీటరులో 150, 160 మధ్య వచ్చేది. చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ తర్వాత ఓ ఆదివారం 228 కనిపించింది. చెయ్యి కడుక్కుని మళ్లీ చూస్తే 224. అదే బియ్యం, అదే మాత్ర.

ఆ రోజు మావారికి జ్వరమని నీళ్లెక్కువ పోసి కుక్కర్లో మెత్తగా వండాను. నేనూ అదే అన్నం చారుతో రెండుసార్లు కలుపుకున్నాను, కూర లేదు. గింజలో పిండి బిగిసి ఉంటుంది. ఎక్కువ ఉడికితే నీళ్లు పీల్చి వదులైపోతుంది, చిన్నపేగులో త్వరగా గ్లూకోజుగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండరాల్లోకి, కాలేయంలోకి చేర్చాల్సింది ఇన్సులిన్. నాలాంటి టైప్ 2 వాళ్లలో ఆ పని నెమ్మది కాబట్టి, వేగంగా వచ్చిందంతా రక్తంలోనే ఆగిపోతుంది.

అసలు ఆ అంకె ఎలా తీస్తారో తెలిశాక కోపం ఇంకా పెరిగింది. పరగడుపున ఉన్న ఓ పదిమందికి 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత అన్నం పెట్టి, రెండు గంటలపాటు రక్తంలో గ్లూకోజ్ చూస్తారు. అంతే గ్లూకోజు తాగితే వచ్చేదాన్ని 100 అనుకుని దాంతో పోల్చి, అందరి సగటు చెబుతారు. 50 గ్రాములంటే సుమారు 65 గ్రాముల బియ్యం. వంటింటి కాటాలో తూచి చూస్తే, ఆదివారం నేను తిన్నంత అన్నానికి 130 గ్రాముల బియ్యం పట్టింది. అంటే పిండిపదార్థం 100 గ్రాములు. ఇండెక్సును తిన్న పిండిపదార్థం గ్రాములతో గుణించి వందతో భాగిస్తే వచ్చేది గ్లైసీమిక్ లోడ్, 51 ఇండెక్సుతో అది 51. ఇండెక్స్ 72 ఉన్న వేరే బియ్యాన్ని 65 గ్రాములే వండుకున్నా లోడ్ 36 దగ్గర ఆగేది. "కడుపునిండా" అన్న మాట ఎంత తప్పో అప్పుడు అర్థమైంది.

మరుసటి వారం 65 గ్రాములే తూచి, పొడిపొడిగా వండి గంజి వార్చాను. ముందు గోరుచిక్కుడు కూర, ముద్దపప్పు తిని, ఆ తర్వాతే అన్నం తిన్నాను. తిన్నాక పావుగంట మేడ మీద నడిచాను, ఎందుకంటే కదిలే కండరం ఇన్సులిన్ అంతగా లేకపోయినా గ్లూకోజును లాక్కుంటుంది. మీటరులో 142. ఇందులో కొలత వల్ల తగ్గింది ఎంతో, నడక వల్ల ఎంతో విడదీసి చెప్పలేను.

కాబట్టి బియ్యం మంచివే, ఇప్పటికీ అవే కొంటున్నాను. కాకపోతే నాది రోజుకో మెట్‌ఫార్మిన్ మాత్రతో నడిచే షుగర్. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టర్ని అడగకుండా కొలతలు మార్చొద్దు. మా చెల్లెలు నాలాగే తూచి, నాలాగే వండుకున్నా ఆమెకు 180 దాటుతోంది. ఇప్పుడు తన స్ట్రిప్పులు తను కొనుక్కుని, తన లెక్క తను రాసుకుంటోంది.