మొలలకు ‘చల్లటి కుషన్’ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

మధ్యలో రంధ్రం ఉన్న జెల్ కుషన్ ఒకటి ఆన్‌లైన్‌లో మొలలకు మందులా అమ్ముతున్నారు. నేను కొని నాలుగు నెలలు వాడాను. డబ్బు పోయిందన్న బాధ నాకు పెద్దగా లేదు. దాన్ని నమ్ముకుని డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఉన్నందుకు నా హిమోగ్లోబిన్ 8.4కి పడిపోయింది. అంతకు ముందు ఏడాది పరీక్షలో 13.8 ఉండేది. ఇంకొకరికి ఇలా కాకూడదని రాస్తున్నాను.

అమ్మేవాళ్లు చెప్పిన కథ ఇది. వేడి సీట్ల మీద, ఎండకు కాలిన రాతి మీద కూర్చుంటే ఆ వేడి లోపలికి ఎక్కి మొలలు వస్తాయట. జెల్ ఆ వేడిని లాగేసుకుంటుందట. పెట్టెలో ఇచ్చిన చిన్న పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది: ‘వంశంలో ఉన్నవాళ్లకు ఇది తప్పదు, జీవితాంతం కుషన్ వాడుకోవాలి, ఆరు నెలలకోసారి జెల్ మార్చుకోవాలి.’ మా నాన్నకూ ఉండేవి కాబట్టి నాకు ఆ మాట టక్కున అతుక్కుంది. ఇప్పుడు చూస్తే, తలరాత అనేది అమ్మకానికి ఎంత బాగా పనికొస్తుందో అర్థమవుతోంది. తగ్గకపోతే తప్పు సరుకుది కాదు, మన రాతది.

మొదటి వారంలో నాకు నిజంగానే తగ్గినట్టు అనిపించింది. ఐదు నక్షత్రాలిచ్చి రివ్యూ కూడా రాశాను. ఆ రివ్యూ ఇంకా అక్కడే ఉంది, తీసేయడానికి ఎంత ప్రయత్నించినా కుదరలేదు. మీరు చదివే పొగడ్తల్లో అదొకటి కావచ్చు, క్షమించండి. ఎక్కువ మంది చేసేది ఇదే. మొలల బాధ అలల్లా వస్తుంది. రెండు రోజులు రక్తం పడుతుంది, మంట పుడుతుంది, ఏమీ చేయకపోయినా వారానికల్లా సద్దుమణుగుతుంది. బాధ ఎక్కువగా ఉన్నప్పుడే కొంటాం, తగ్గుతున్నప్పుడు రివ్యూ రాస్తాం. మళ్లీ మొదలయ్యాక ఆ పేజీలోకి వెళ్లి రాసేవాళ్లు తక్కువ.

రెండో నెలలో మళ్లీ రక్తం మొదలైంది. ఎర్రగా, విరోచనం అయ్యాక చుక్కలు చుక్కలుగా, నొప్పి లేకుండా. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, దాన్ని వయసు మీదకి తోసేశాను. కుషన్ సరిగ్గా చల్లబడటం లేదేమో అని ఒకరోజు దాని మీద థర్మామీటర్ కూడా పెట్టి చూశాను. కూర్చోబోయే ముందు 26 డిగ్రీలు, అరగంట కూర్చుని లేచాక 34. అంటే నా ఒంటి వేడికే అది వేడెక్కింది. నాలుగు నెలలు ‘చల్లదనం’ అనుకున్నది కూర్చున్న మొదటి కొద్ది నిమిషాల ముచ్చటే.

చివరికి సర్జన్ దగ్గరికి వెళితే ఆమె నవ్వలేదు గానీ ఒక ప్రశ్న అడిగారు. “జ్వరం ఎంతుందో కచ్చితంగా తెలియాలంటే చిన్నపిల్లలకు థర్మామీటర్ ఎక్కడ పెడతారండీ?” మలద్వారంలోనే. ఎందుకంటే అక్కడి వేడి శరీరం లోపలి వేడికి దగ్గరగా ఉంటుంది, 37 డిగ్రీల చుట్టుపక్కలే నిలబడుతుంది. కింద కాలే సీటు ఉన్నా, చల్లటి రాయి ఉన్నా చర్మానికి తెలుస్తుంది గానీ లోపల మొలలు పుట్టేంతగా ఏదీ మారదు. పైగా మొలల బాధకు డాక్టర్లు చెప్పేదే గోరువెచ్చని నీళ్ల తొట్టి: పది, పదిహేను నిమిషాలు అందులో కూర్చోమంటారు. వేడి వల్ల మొలలు వచ్చేట్టయితే ఆ తొట్టిలో కూర్చున్నవాళ్లు కేకలు పెట్టి లేవాలి. లేవరు, హాయిగా ఉందంటారు.

అసలు మొలలంటే ఏమిటో తెలిస్తే ఈ రాయి, సీటు గోల తనంతట తానే పోతుంది. మలద్వారం లోపల ప్రతి మనిషికీ రక్తనాళాలతో నిండిన మెత్తటి దిండ్లలాంటివి ఉంటాయి. ఇవి జబ్బు కాదు, గాలి, నీరు జారిపోకుండా బిగించే వాషర్లు అనుకోండి. ఎక్కువ మందిలో మూడు పెద్దవి కనిపిస్తాయి. వీటి సంగతి 1975లో థామ్సన్ అనే బ్రిటిష్ సర్జన్ వివరంగా రాశాడు. వీటిని గోడకు పట్టి ఉంచే దారాల్లాంటి కణజాలం సడలినప్పుడు అవి ఉబ్బి కిందకు జారతాయి. గట్టి మలం రాసుకుని పోతే రక్తం పడుతుంది. ఆ జారిన దిండ్లనే మనం మొలలంటున్నాం. లోపలి భాగంలో నొప్పి తెలిసే నరాలు లేవు కాబట్టే లోపలి మొలలు చప్పుడు లేకుండా రక్తం కారుస్తాయి. బయటి చర్మం కింద రక్తం గడ్డకడితే మాత్రం ఉన్నట్టుండి నీలంగా, గట్టిగా బొడిపె లేచి, మొదటి రెండు మూడు రోజులు ప్రాణం తీస్తుంది. తరవాత దానంతట అదే మెల్లగా కరిగిపోవచ్చు. అయితే నొప్పి భరించలేనంతగా ఉంటే మొదటి మూడు రోజుల్లోపే డాక్టరుకు చూపిస్తే కోసి తీసే వీలుంటుంది.

రాతి మీద కూర్చుంటే వస్తాయన్న మాట ఎలా పుట్టిందో కూడా అప్పుడే నాకు తట్టింది. బొడిపె ఉన్నవాడు ఎక్కడ కూర్చున్నా నొప్పే, గట్టి రాతి మీదైతే మరీనూ. నొప్పి తెలిసిన చోటే పుట్టిన చోటు అనుకుంటాం. గట్టి చోట గంటలకొద్దీ కూర్చుంటే ఎముకలు నొప్పెడతాయి, వెన్ను చివరి ఎముక నొప్పెడుతుంది, అదీ నిజమే. కానీ దానికీ ఈ దిండ్లు జారడానికీ సంబంధం లేదు.

అసలు చిక్కు ఎక్కడంటే, బల్ల మీదో కుర్చీలోనో కూర్చుంటే మన బరువు పిరుదుల ఎముకల మీద పడుతుంది, మలద్వారం చుట్టూ ఆసరా ఉంటుంది. టాయిలెట్ సీటు మీద ఆ ఆసరా ఉండదు, మధ్యలో అంతా ఖాళీ. కింద రంధ్రం, పైన ముక్కుడు, ఆ దిండ్లు రక్తంతో నిండి కిందకు వేలాడతాయి. ఇక నా కుషన్ ఎలా ఉందో గుర్తు చేసుకోండి. రంధ్రమున్న టాయిలెట్ సీటునే మెత్తగా చేసి, రోజుకు ఎనిమిది గంటలు దాని మీద కూర్చున్నాను! సర్జన్ వెంటనే దాన్ని పక్కన పెట్టేయమన్నారు. ఆపరేషన్ తరవాత కొద్ది రోజులు నొప్పి తట్టుకోవడానికి అలాంటిది వాడేవాళ్లు ఉంటారు, అది వేరే సంగతి. అదే మందు అని చెప్పి అమ్మడం వేరు.

ఆమె అడిగిన రెండో ప్రశ్న: “టాయిలెట్‌లోకి ఫోన్ తీసుకెళ్తారా?” తీసుకెళ్తాను. ఎంతసేపు కూర్చుంటానో చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి మర్నాడు టైమర్ పెట్టి చూశాను, 23 నిమిషాలు. అందులో అసలు పని మూడు నిమిషాలది. బోస్టన్‌లో కొలనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్ద పేగు లోపల చూసే పరీక్షకు, వచ్చిన 125 మందిని అడిగి 2025లో వేసిన ఒక అధ్యయనంలో, టాయిలెట్‌లో ఫోన్ వాడేవాళ్లలో మొలలు కనిపించే అవకాశం 46 శాతం ఎక్కువని తేలింది. ఫోనే మొలలు తెచ్చిందని దాంతో రుజువు కాదు, మనుషులు కూడా తక్కువే. కానీ నా 23 నిమిషాలు చూశాక ఫోన్ బయటే వదిలేస్తున్నాను. ఐదు నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేస్తున్నాను.

ఇక తలరాత సంగతి. ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకొకరికి రావడం మామూలే. కొంత ఆ దిండ్లను పట్టి ఉంచే కణజాలం బలహీనత అయ్యుండొచ్చు, కొంత ఒకే ఇంటి తిండి, ఒకే అలవాట్లు. మలబద్ధకం, ముక్కడం, మానని విరేచనాలు, గర్భం, వయసు – ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. ఇందులో చాలావరకు మార్చుకోగలిగినవే. మారనివాటికి కూడా చికిత్స ఉంది. ‘తప్పదు’ అన్న మాట అబద్ధం.

నాకు ముందు ప్రాక్టోస్కోప్ అనే చిన్న గొట్టం మలద్వారంలో పెట్టి చూశారు. రెండో దశ లోపలి మొలలు: ముక్కితే బయటికి వచ్చి, మళ్లీ వాటంతటవే లోపలికి వెళ్లిపోయేవి. “రక్తం ఇంత తగ్గడానికి మొలలే కారణమై ఉండొచ్చు, కానీ చూడకుండా అలా అనేసుకోకూడదు” అని కొలనోస్కోపీ కూడా చేయించారు. పెద్ద పేగులో ఏమీ లేదని తేలాకే నాకు ఊపిరి ఆడింది. పేగు క్యాన్సర్‌లో కూడా రక్తం పడుతుంది. రక్తం మలంలో కలిసి ముదురుగా వస్తున్నా, విరోచనం తీరు వారాల తరబడి మారిపోయినా, బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా మొలలేలే అని కూర్చోకండి. విరోచనం అవుతున్నప్పుడు గాజుముక్క కోసినట్టు నొప్పి వస్తే అది మొల కాదు, ఫిషర్ అనే చీలిక కావచ్చు. చీము కారితే మలద్వారం పక్కన పడే ఫిస్టులా అనే సన్నని దారి కావచ్చు. కుషన్ అమ్మేవాడికి వీటన్నిటికీ ఒకటే పేరు.

చికిత్స విషయానికొస్తే, మొదట పీచు. రోజుకు 25 నుంచి 30 గ్రాములు అన్నారు, అదీ ఒక్కసారిగా కాదు, మెల్లగా పెంచుతూ, నీళ్లు సరిపడా తాగుతూ. ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బరం పట్టుకుంటుంది, నాకు మొదటి వారం పట్టుకుంది. హిమోగ్లోబిన్ కోసం ఐరన్ మాత్రలిచ్చారు. వాటితో మలం నల్లబడుతుంది, మలబద్ధకం కూడా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. తరవాత బ్యాండింగ్: మొల మొదలు దగ్గర చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు, రక్తం అందక అది ఎండి వారం పది రోజుల్లో రాలిపోతుంది. మత్తు అక్కర్లేదు. నొప్పి తెలియని చోట వేస్తారు కాబట్టి నాకు రెండు రోజులు బరువుగా అనిపించింది, అంతే. రాలే రోజు కాస్త రక్తం కనిపిస్తుంది. బాగా రక్తం పోయినా, జ్వరం వచ్చినా, మూత్రం రాకపోయినా వెంటనే రమ్మన్నారు. బయటి మొలలకు ఇది వేయరు, అక్కడ నొప్పి నరాలున్నాయి. మూడు నెలల తరవాత నా హిమోగ్లోబిన్ 12.9.

కుషన్ వెనక్కి తీసుకోమని రాస్తే అమ్మినవాళ్లు ఇచ్చిన జవాబు: “మీరు పూర్తి కోర్సు వాడలేదు. వంశపారంపర్యమైన వేడికి కనీసం ఏడాది పడుతుంది.” పెట్టె మీద ఎక్కడైనా ‘ఒంటి వేడి’, ‘మూలం నుంచి’, ‘జీవితాంతం’ అని కనిపిస్తే, నాకొచ్చిన ఈ జవాబు కూడా అందులో భాగమే అనుకోండి. కొత్త జెల్ పంపమంటే మాత్రం అదే రోజు లింకు పంపారు.