ఆరేళ్లుగా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్: పని బాగానే చేస్తుంది, కారణం మాత్రం చెప్పదు

మిర్యాలగూడలోని మా రైస్ మిల్లులో కాటా చీటీలు, రైతుల చెల్లింపులు ఆరేళ్లుగా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. ఇది మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. మేము వాడే వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉన్నా, ఏటా కొత్త డేటాబేస్ తెరుస్తాం కాబట్టి మాకు అడ్డు రాలేదు. నా ఫిర్యాదంతా లాగిన్ దగ్గరే.

ఒక యాసంగి సీజన్‌లో డిస్క్ పాడై, సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయించాం. లాగిన్‌ను తిరిగి సృష్టించి, డేటాబేస్‌లోని యూజర్‌తో జోడించాం. తెల్లవారితే కాటా ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా ఆఫీసు కంప్యూటర్‌లో, అంటే సర్వర్ ఉన్న కంప్యూటర్‌లోనే, `Login failed for user 'kata'` అని వచ్చింది. పాస్‌వర్డ్ తప్పైనా, యూజర్ లేకపోయినా తెరపై ఇదే మాట. చొరబాటుదారులకు ఆచూకీ ఇవ్వకూడదని కావాలనే ఇలా దాచారు. అసలు కారణం సర్వర్‌లోని ERRORLOG ఫైలులో ఉంటుంది:

```
Error: 18456, Severity: 14, State: 58.
```

స్టేట్ 8 అయితే పాస్‌వర్డ్ తప్పు. 58 అంటే సర్వర్ విండోస్ లాగిన్లను మాత్రమే అంగీకరిస్తోందని అర్థం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిఫాల్ట్‌గా ఉండేది ఆ పద్ధతే. మా kata లాంటి సర్వర్ సొంత లాగిన్లనూ ఒప్పుకునే మిక్స్‌డ్ మోడ్‌కు మార్చి ఓకే నొక్కినా ఫలితం లేదు. సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తేనే మార్పు అమలవుతుందని తెలిసేసరికి అరగంట పోయింది.

ఆఫీసులో తెరుచుకుంది, కాటా గదిలో లేదు. అక్కడి సందేశం వేరు: సర్వరే కనిపించడం లేదని. ఈ తేడా ముఖ్యం. లాగిన్ విఫలమైందని వస్తే మన కబురు సర్వర్ దాకా చేరిందన్నమాట. అప్పుడు నెట్‌వర్క్‌ను తిట్టి లాభం లేదు. కాటా గదిది మాత్రం నెట్‌వర్క్ సమస్యే. ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ/ఐపీ మొదట ఆపేసి ఉంటుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో దాన్ని ఆన్ చేసి, పోర్టును 1433గా స్థిరపరచి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టును అనుమతించి, మళ్లీ రీస్టార్ట్ చేశాను. కాటా సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పేరు పక్కన కామా పెట్టి ఆ పోర్టు సంఖ్యనూ రాశాను. చీటీలు మొదలయ్యాయి.

మరుసటి ఏడాది తప్పు పూర్తిగా నాదే. పాత ఏడాది డేటాబేస్‌ను డిటాచ్ చేశాను. Kata లాగిన్‌కు డిఫాల్ట్ డేటాబేస్ అదే. మా సాఫ్ట్‌వేర్ కనెక్ట్ అయ్యేటప్పుడు డేటాబేస్ పేరు చెప్పదు, డిఫాల్ట్ ఏదైతే అందులోకే వెళ్తుంది. ఈసారి సందేశం కాస్త దయ చూపి, 4064 సంఖ్యతో డిఫాల్ట్ డేటాబేస్ తెరుచుకోలేదని చెప్పింది. అడ్మిన్ లాగిన్‌తో వెళ్లి ఒక్క వరుస నడిపితే సరిపోయింది:

```sql
ALTER LOGIN kata WITH DEFAULT_DATABASE = mill_2425;
```

ఎక్స్‌ప్రెస్‌ను మార్చే ఆలోచన నాకు లేదు. ఏడాది మారే రోజున ముందు కొత్త డేటాబేస్ పేరుతో ఈ వరుస నడిపి, ఆ తరువాతే పాతదాన్ని డిటాచ్ చేస్తున్నాను.