ఒక ప్లాస్టిక్ చక్రం కోసం సూర్యాపేట నుంచి కోఠికి

వాషింగ్ మెషీన్ భాగం ఒకటి కొనడానికి బస్సెక్కి హైదరాబాదు వెళ్లవలసి వస్తుందని నేను అనుకోలేదు. అంతకు ముందే ఫొటో చూసి భాగాన్ని పంపిన ఒక దుకాణం వల్ల 570 రూపాయలు నష్టపోయాను కాబట్టి, ఆ బాధతోనే ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను.

మాది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషీన్. కొని తొమ్మిదేళ్లయింది. ఖాళీ తొట్టిలో లోపలి చక్రం, అంటే పల్సేటర్, బాగానే తిరుగుతుంది కానీ బట్టలు వేయగానే కరకరమంటూ నిలిచిపోయేది. ఇటువంటప్పుడు బెల్టు జారుతోందా, చక్రం జారుతోందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ప్లగ్గు తీసి, వెనక రేకు విప్పి, కింది పెద్ద పుల్లీని కదలకుండా పట్టుకోమని మా ఆవిడకు చెప్పి, పైనుంచి చక్రాన్ని బలంగా తిప్పి చూశాను. పుల్లీ నిలిచే ఉన్నా చక్రం కరకరమంటూ గిర్రున తిరిగిపోయింది. అంటే బెల్టులో దోషం లేదు, చక్రం మధ్యనున్న గొట్టంలో, దాన్ని తిప్పే లోహపు షాఫ్టును పట్టుకునే పళ్లు అరిగిపోయాయి. మధ్య మూత తీసి, మర విప్పి, ఉప్పునీటి పొర పేరుకుని బిగుసుకున్న చక్రం చుట్టూ వేడినీళ్లు పోసి, రెండు వైపులా గట్టి తాడు దూర్చి సమంగా లాగితే ఊడి వచ్చింది. దాని మీద కంపెనీ పేరు గానీ, నంబరు గానీ ఎక్కడా లేదు.

చక్రాన్ని నేల మీద పెట్టి, దాని రెక్కల మీద స్టీలు స్కేలు అడ్డంగా ఉంచి, పైనుంచి ఫొటో తీసి వాట్సాప్‌లో ఒక దుకాణానికి పంపాను. సరిగ్గా ఇదే ఉందన్నారు. చక్రానికి 480, కొరియరుకు 90 తీసుకున్నారు. మూడో రోజు వచ్చినది చూడడానికి అచ్చం మా చక్రంలాగే ఉంది కానీ అంచు చుట్టూ వేలు దూరేంత సందు మిగిలింది, పైగా షాఫ్టు మీద సగం వరకే దిగి ఆగిపోయింది. కొలిస్తే 30 సెంటీమీటర్లు, మాది 33. వెనక్కి తీసుకోమని అడిగితే, ఫొటోలో స్కేలు 30 చూపిస్తోంది, పంపింది మీరే కదా అన్నారు. నిజమే, ఫొటోలో చక్రం అంచులు స్కేలు మీద 30కి దగ్గరగానే కనిపిస్తున్నాయి. అయినా చక్రం అడుగు ఎలా ఉంది, పళ్లు ఎన్ని అని ఒక్క మాట కూడా అడగకుండా డబ్బు తీసుకోవడాన్ని నేను ఇప్పటికీ తప్పుగానే భావిస్తున్నాను.

ఆ శనివారం పాత చక్రాన్ని గోనెసంచిలో చుట్టుకుని ఎక్స్‌ప్రెస్ బస్సులో బయలుదేరాము. నా టికెట్టు 210 రూపాయలు, మహాలక్ష్మి పథకం వల్ల మా ఆవిడకు సున్నా టికెట్టు. ఫొటోలు ఉండగా ఆ బరువెందుకని నేనన్నాను. "ఒకసారి ఫొటోను నమ్మి మోసపోయాం కదండీ, ఈసారి వస్తువే మాట్లాడుతుంది" అని ఆమె సంచిని ఒళ్లో నుంచి దించలేదు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటోకు 80 ఇచ్చి కోఠి చేరాము. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఈ పని మీద వచ్చేవారు వేరే రోజు చూసుకోవాలి.

మొదటి దుకాణంలో మా చక్రాన్ని చేతిలోకైనా తీసుకోకుండా లేదన్నారు. రెండో చోట కుర్రవాడు ఒకటి తెచ్చి, "అన్నీ ఒక్కటే సార్, సుత్తితోని కొట్టి ఎక్కించుండ్రి" అన్నాడు. ఆ మాటకు మా ఆవిడ ముఖం ఎర్రబడింది, నేను కూడా వెంటనే బయటికి వచ్చేశాను. షాఫ్టు లోహం, గొట్టం ప్లాస్టిక్. కొట్టి ఎక్కిస్తే చీలేది గొట్టమే, పగలకపోయినా పళ్లు వంకరపోయి కొన్నాళ్లకే మళ్లీ అరుగుతాయి.

మూడో దుకాణంలోని పెద్దాయన మాత్రం చక్రాన్ని తీసుకోగానే బోర్లించారు. "ముందల రెక్కలు జూస్తే ఏం దెలుస్తది సార్, పని జేసేది గీ కింది దిక్కే గదా. పళ్లు లెక్కవెట్టిన్రా?" అని అడిగారు. అరిగిన గొట్టంలో పళ్లను లెక్కించలేము, అరగని లోహపు షాఫ్టు మీదే లెక్కించాలి. అదృష్టవశాత్తూ దాన్ని నేను నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీసి ఉన్నాను. ఆయన దాన్ని పెద్దది చేసి, ఒక పంటిని గుర్తుగా పెట్టుకుని, రెండుసార్లు లెక్కపెట్టి 11 అని తేల్చారు. నాకు కొరియరులో వచ్చినదానికి 10 పళ్లు, అందుకే అది సగంలో ఆగింది. షాఫ్టు పక్కలకు ఊగుతోందా, మెషీన్ కింద నీళ్లు కారుతున్నాయా అని కూడా అడిగారు. అలా ఉంటే చక్రం మార్చినా లాభం లేదని, గేర్ బాక్స్ చూడాలని చెప్పారు. మాకు ఆ రెండూ లేవు.

స్కేలు ఫొటో చూపిస్తే ఆయన నవ్వలేదు, తప్పెక్కడ జరిగిందో ఓపికగా చెప్పారు. నేను స్కేలును రెక్కల మీద పెట్టాను, అంచు అంతకంటే 4 సెంటీమీటర్లు కిందుంది. ఫోను అంచుకు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే స్కేలుకు 36 దూరంలోనే ఉంటుంది, దగ్గరున్న స్కేలు పెద్దదిగా, దూరాన ఉన్న అంచు చిన్నదిగా పడుతుంది. ఇంటికి వచ్చాక లెక్క వేసి చూశాను. 33ని 36తో గుణించి 40తో భాగిస్తే 29.7 వస్తుంది, ఫొటోలో కనిపించినది సరిగ్గా అదే. స్కేలును అంచుతో సమానమైన ఎత్తులో ఉంచి తీసి ఉంటే ఈ పొరపాటు రాదు. అంతకంటే మేలు, టేపుతో కొలిచి ఆ అంకెను కాగితం మీద రాసి పక్కన పెట్టడం.

తర్వాత ఆయన 33 సెంటీమీటర్లు, 11 పళ్లు ఉన్నవి రెండు తెచ్చారు. నేనైతే మొదటిదే తీసుకుని వచ్చేవాణ్ణి. ఆయన బోర్లించిన చక్రం అంచుల మీద ఒక స్కేలు అడ్డంగా పెట్టి, ఇంకొక దానిని గొట్టం అడుగు తగిలేదాకా నిలువుగా దించారు. మా పాతదానికి 42 మిల్లీమీటర్లు, మొదటి చక్రానికి 47, రెండోదానికి 42 వచ్చాయి. గొట్టం అడుగు షాఫ్టు కొనకు ఆనుకుంటుంది కాబట్టి, ఈ లోతు ఎక్కువైతే అంచు అంతమేరకు కిందికి దిగి తొట్టి అడుగును రాసుకుంటుంది, తక్కువైతే అంచు పైకి లేచి సందులో రుమాళ్లు, మేజోళ్లు ఇరుక్కుంటాయి. ఏ ఫొటోలోనూ ఈ కొలత కనబడదు, దాన్ని అడగాలని తెలిసినవారు కూడా నాకు అంతవరకు తారసపడలేదు. రెండో చక్రానికి 550 ఇచ్చాము, తుప్పు పట్టిన పాత మరకు బదులు కొత్తది వాషరుతో సహా 10 రూపాయలు. బేరమాడాలని నాకు అనిపించలేదు.

తిరుగు ప్రయాణం మరో 210తో, కునుకుపాట్లతో గడిచిపోయింది. రాత్రి చక్రాన్ని షాఫ్టు మీద పెడితే చేతి ఒత్తిడికే పూర్తిగా దిగింది. మర బిగించాక చేతితో ఒక చుట్టు తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూసి, తర్వాత నీళ్లతో, ఆ తర్వాత ఒక తడి దుప్పటితో నడిపించాను. దుప్పటిని కూడా ఆగకుండా తిప్పింది. మా ఆవిడ మార్కరు తెచ్చి, వెనక రేకు లోపలి వైపున "33 సెం.మీ., 11 పళ్లు, 42 మి.మీ." అని పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద ఆ రోజు తేదీ వేసింది.