బాల్కనీలో నాలుగు తోటకూర సంచులు: కొన్నేళ్ళ వాడకం తర్వాత

విశాఖ ఎంవీపీ కాలనీలో మాది తూర్పు బాల్కనీ. ఎండ ఉదయం పదకొండింటి దాకానే ఉంటుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి. ఇంత చోటులో ఏం పండుతుందని ఎవరు అడిగినా నా జవాబు ఒకటే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తు ఉండే, మొక్కలు పెంచే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గుడ్డ సంచులు నాలుగు కొనండి. నాలుగింటిలోనూ తోటకూరే వేయండి. కానీ ఒకేరోజు వేయకండి, వారానికి ఒక సంచి చొప్పున వేయండి.

తోటకూర విత్తనం నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, నాలుగు వారాలకు కూరకు వస్తుంది. ఒక్కో సంచి పైభాగం రెండు చదరపు అడుగులే కాబట్టి ఒక కోతకు పావుకిలో, బాగా వస్తే మూడు వందల గ్రాములు చేతికి వస్తుంది. నలుగురికి ఒక పూట పప్పులోకి సరిపోతుంది. నాలుగు సంచులూ ఒకేసారి విత్తితే వారమంతా తోటకూరే తినాలి, ఆ తర్వాత మూడు వారాలు ఖాళీ సంచులను చూస్తూ కూర్చోవాలి. వారానికొకటి విత్తితే ప్రతి ఆదివారం ఒక సంచి కోతకు సిద్ధంగా ఉంటుంది, కోసిన రోజే అందులో మళ్ళీ విత్తనం పడుతుంది. మా ఇంట్లో ఇది ఇన్నాళ్ళు ఆగకుండా సాగడానికి కారణం ఈ వరసే. టమాటా, వంకాయల మీద అందరికీ మనసు పోతుంది. సగం పూట ఎండలో ఒక మొక్క ఒక సంచిని మూడు నెలలు పట్టుకుని కూర్చుని ఇచ్చే కాయలు ఒక కూరకు కూడా చాలవు.

సంచిని ఏడంగుళాల వరకే నింపాలి. రెండు పాళ్ళు కొబ్బరి పొట్టు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, వాటితోపాటు రెండు గుప్పిళ్ళ వేపపిండి. తడిసిన తర్వాత ఈ సంచి సుమారు ముప్పై కిలోలు తూగుతుంది, ఇద్దరు పట్టుకుంటే జరుగుతుంది. అచ్చంగా మట్టే నింపితే బరువు యాభై కిలోలు దాటుతుంది, పైగా రెండు కోతలకే గట్టిపడి నీళ్ళు పైనే నిలుస్తాయి. ఎర్రమట్టి నర్సరీలోనే కొనండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడి నుంచి గుప్పెడు కూడా తీయకూడదు. బీచ్ ఇసుక కూడా వద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

విశాఖలో బాల్కనీ మొక్కలకు అసలు శత్రువు ఆ ఉప్పే. పురుగుల గురించి అందరూ చెబుతారు కానీ దీని గురించి చెప్పేవారు తక్కువ. ఇది మూడు దారుల్లో వస్తుంది. మొదటిది కొబ్బరి పొట్టు. ఇది ఇటుకల్లా అచ్చుపోసి అమ్ముతారు, కడగని ఇటుకల్లో లవణాలు ఎక్కువగా ఉంటాయి. ఐదు కిలోల ఇటుకను పెద్ద టబ్బులో నానబెట్టి, పిండి, నీళ్ళు పారబోసి మళ్ళీ నానబెట్టాలి. ఎన్నిసార్లో తెలుసుకోవడానికి తాగునీటిని పరీక్షించే చిన్న టీడీఎస్ మీటరు చాలు. కుళాయి నీళ్ళలో ఒకసారి, పిండిన నీళ్ళలో ఒకసారి ముంచి చూసి, రెండు అంకెలూ దగ్గరపడేదాకా కడగాలి. రెండోది మనం పోసే నీళ్ళు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిలో లవణాలు ఎక్కువ, అయినా వృథా చేయకూడదని చాలామంది దాన్ని మొక్కలకు పోస్తారు. నేలలో పెరిగే చెట్టుకైతే వాన ఆ ఉప్పును కిందికి కడిగేస్తుంది. కప్పు కింద ఉన్న సంచిలో ఆ అవకాశం లేదు, నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. తీరానికి దగ్గరలోని చాలా బోర్ల నీళ్ళతోనూ ఇదే చిక్కు. మూడోది గాలి, కానీ అది తేలిక. వేసవిలో రెండు రోజులకోసారి ఉదయాన్నే ఆకుల మీద మంచినీళ్ళు చిలకరిస్తే పోతుంది.

ఉప్పు పేరుకుంటే మొదట విత్తనమే చెబుతుంది. ఒక పక్క మొలిచి మరో పక్క మొలవదు. తర్వాత ఆకు అంచులు గోధుమరంగులో ఎండి, లోపలి భాగం మాత్రం పచ్చగానే ఉంటుంది. సంచి అంచున తెల్లటి పొర కడుతుంది. ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేస్తే పరిస్థితి ముదురుతుంది. అప్పుడు చేయాల్సింది సంచిని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి, రెండు మూడు బకెట్ల కుళాయి నీళ్ళు నెమ్మదిగా పోసి పూర్తిగా కారనివ్వడం. వానాకాలంలో అయితే డాబా మీద ఒక గట్టి వానలో ఉంచినా అదే పని జరుగుతుంది.

విత్తడం తేలిక. రెండు చిటికెల విత్తనాన్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి, నాలుగంగుళాల ఎడంతో మూడు గీతల్లో చల్లి, పైన పలచగా కంపోస్టు కప్పాలి. అంచుల చుట్టూ వేపపిండి చల్లకపోతే విత్తనాన్ని చీమలు మోసుకుపోతాయి. రెండు వారాలకు ఒత్తుగా ఉన్నచోట పీకాలి, ఆ లేత మొక్కలూ కూరకే. వానల్లో ఆకు అడుగున తెల్లటి బొడిపెలు కనిపిస్తే అది తెల్లతుప్పు తెగులు. ఆ ఆకులు తీసేసి, ఆకుల మీద కాకుండా మొక్కల మొదళ్ళలో నీళ్ళు పోయాలి. వేపనూనె దానికి మందు కాదు. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టడం పేనుబంకకు, పిండినల్లికి పనికొస్తుంది. ఆ పిండినల్లి గోంగూరకు ఎంత త్వరగా పడుతుందంటే, బాల్కనీలో గోంగూర వేయడం మానేశాను.

ఇక కింది ఇంటివాళ్ళ సంగతి. "అమ్మాయ్, మా బట్టల మీద ఎర్రనీళ్ళు పడుతున్నాయి" అని కింది అంతస్తు పిన్నిగారు చెప్పినప్పుడు ఆవిడ మాటలో తప్పేమీ లేదు. సంచి అడుగున రంధ్రాలుంటే బాల్కనీలో ఈ గొడవ తప్పదు. రంధ్రాలు లేని సంచులు తెచ్చుకుని, అడుగు నుంచి అంగుళం పైన పక్కల్లో పెన్సిల్ మందం రంధ్రాలు నాలుగేసి పెట్టుకుంటే అడుగున కొద్దిగా నీరు నిలిచి వేర్లకు అందుతుంది, ఎక్కువైనదే బయటికి వస్తుంది. కింద ట్రే పెట్టి, ట్రే అడుగున ఇటుకలు పేర్చితే గచ్చు కూడా మరకపడదు. వాన నేరుగా పడే డాబా మీద మాత్రం అడుగు రంధ్రాలే కావాలి, లేకపోతే తుపాను వానకు వేర్లు కుళ్ళుతాయి.

ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే పాత థర్మోకోల్ పెట్టెలు కూడా వాడి చూశాను. వేడిని ఆపడంలో సంచి కన్నా అవే మేలు, వేసవిలో వేర్లు చల్లగా ఉంటాయి. అయితే ఎండకు పైపొర పిండిలా రాలుతుంది, ఆ రేణువులు కంపోస్టులో కలిసిపోతాయి. అందుకే వదిలేశాను.

హెచ్‌డీపీఈ గుడ్డ ఇప్పటికీ గట్టిగానే ఉంది, ముందు పోయింది కుట్టుదారం. మూడో వేసవి తర్వాత పిడి దగ్గర కుట్లు తెగాయి, పైఅంచు పీచులు లేచింది. అప్పటినుంచి నిండిన సంచిని పిడి పట్టుకుని ఎత్తడం లేదు, అడుగున చేతులు పెట్టి జరుపుతున్నాం. లోపలి మిశ్రమమూ ఏడాదికి రెండంగుళాలు కుంగుతుంది. ప్రతి కోత తర్వాత రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు వేస్తాను, ఏడాదికోసారి సగం మిశ్రమం తీసి కొత్తది నింపుతాను. కొత్తగా కొనేవారు సంచిని తిరగేసి కుట్లు చూడండి. జంట కుట్టు ఉండాలి, పిడి పట్టీ సంచి అడుగు వరకూ కుట్టి ఉండాలి. పైఅంచుకు మాత్రమే అతికించిన పిడి ముప్పై కిలోలను మోయలేదు.