వాలెట్‌లో 300, బిల్లు 1000: మిగతా 700 ఎలా చెల్లించాలి?

దారులు రెండు. చెల్లింపు పేజీలోనే 300 వాలెట్ నుంచి, 700 కార్డు నుంచి ఇవ్వడం ఒకటి. ముందు కార్డుతో 700 వాలెట్‌లో వేసుకుని, మొత్తం 1000 వాలెట్ నుంచే కట్టడం రెండోది.

చెల్లించే క్షణంలో రెండోదే తేలిక. మొదటి దారిలో రెండు భాగాలూ నెగ్గాలి. సాధారణంగా ముందు వాలెట్ సొమ్మును పక్కన పెట్టి, తర్వాత కార్డును అడుగుతారు. ఓటీపీ దగ్గర కార్డు విఫలమైతే ఆ 300 కాసేపు కనిపించకపోవచ్చు. కంగారుపడి వెంటనే మళ్లీ చెల్లిస్తే మొత్తం 1000 కార్డు మీదే పడే ప్రమాదం ఉంది. అందుకే ముందు వాలెట్ లావాదేవీల జాబితా చూడండి. 300 తిరిగి జమ అయ్యాకే మళ్లీ ప్రయత్నించండి.

అయినా నా ఓటు మొదటి దారికే. కారణం వాపసు. వస్తువు వెనక్కి పంపితే సాధారణంగా 300 వాలెట్‌కు, 700 కార్డుకు చేరతాయి. రెండో దారిలో 1000 అంతా వాలెట్‌లోనే చిక్కుకుంటుంది. చాలా వాలెట్ల నుంచి దాన్ని బయటికి తీయడం కష్టం. పైగా వస్తువు రాలేదని బ్యాంకుకు ఫిర్యాదు చేసినా, వాళ్ల లెక్కలో కనిపించేది వాలెట్ నింపడం మాత్రమే. అది సక్రమంగానే జరిగింది కదా!

సగం వస్తువులే వెనక్కి పంపితే మాత్రం వాపసు ముందు ఎటు వెళ్తుందో ఒక్కో దుకాణంలో ఒక్కో నియమం. కొనేముందే చదవండి.