రెండు వేల దిర్హాములు జగిత్యాల చేరేసరికి ఎంత?

దుబాయ్‌లో మా బావ ఉండేది దేరాలో, నైఫ్ రోడ్డు వెనక సందులో బెడ్ స్పేస్. ఒకే గదిలో రెండంతస్తుల మంచాలు, వంటకు వంతులు. చుట్టం చూపుగా వెళ్లినవాళ్లకి అక్కడ చోటుండదు కాబట్టి పక్క వీధిలో చిన్న హోటల్ తీసుకున్నాను. గది ఇరుకే అయినా మెట్రోకి దగ్గర. పైగా కిందికి దిగితే చాలు, వరసగా ఎక్స్ఛేంజ్ దుకాణాలు. జీతాలు పడిన సాయంత్రం కావడంతో అన్నిటి ముందూ క్యూలే.

జగిత్యాలలో ఉన్న మా చెల్లెలికి బావ నెలనెలా డబ్బు పంపుతాడు. ఈసారి రెండు వేల దిర్హాములు. మొదటి దుకాణం బోర్డు మీద రేటు 23.10, చార్జీ పన్నుతో కలిపి 25 దిర్హాములు. ఎదురుగా ఉన్నదాంట్లో ‘చార్జీ లేదు’ అని పెద్ద అక్షరాలు, రేటు మాత్రం 22.80. ఫోన్లో చూస్తే ఆ సమయానికి బ్యాంకుల మధ్య నడుస్తున్న రేటు 23.20. అది మనకెవరూ ఇవ్వరు. కానీ ఎవరెంత కోస్తున్నారో తెలియాలంటే కొలబద్ద అదే.

“చార్జీ లేనిదాంట్లనే ఏద్దాం, పాతిక దిర్హాములు మిగుల్తయి గదా” అన్నాడు బావ. లెక్క వేసి చూశాం. మొదటిదాంట్లో చార్జీ పోను 1,975 దిర్హాములు 23.10 చొప్పున మారతాయి. అంటే 45,622 రూపాయల 50 పైసలు. రెండోదాంట్లో మొత్తం రెండు వేలూ మారతాయి, కానీ 22.80 చొప్పున. అంటే 45,600. ఉచితం అన్నచోటే ఇరవై రూపాయలు తక్కువ! 23.20 లెక్కన రావలసింది 46,400 కాబట్టి, చార్జీ లేని దుకాణం రేటులోనే 800 రూపాయలు తీసేసుకుంటోంది. రసీదులో ఆ 800 ఎక్కడా కనబడదు.

అట్లాగని చార్జీ తీసుకునేవాడే ఎప్పుడూ మేలని కాదు. బావ గదిలో ఉండే తమ్ముడొకడు ఇంటికి పంపేది 500 దిర్హాములే. అతనికి మొదటిచోట 475 మాత్రమే మారి 10,972 రూపాయలు వస్తాయి, ఉచితం దుకాణంలో 11,400. అదే నాలుగు వేలు పంపేవాడికి లెక్క తిరగబడి, చార్జీ కట్టినచోటే ఆరు వందలకు పైగా ఎక్కువొస్తుంది. ఎంత పంపినా చార్జీ మారదు, రేటులో కోత మాత్రం సొమ్ముతో పాటే పెరుగుతుంది. ఈ రెండు దుకాణాల మధ్య లెక్క సమానమయ్యేది దాదాపు 1,925 దిర్హాముల దగ్గర.

ఒక దిర్హాము పెట్టి అబ్రా ఎక్కి, క్రీక్ దాటి మీనా బజార్ వైపు కూడా వెళ్లొచ్చాం. పడవ ప్రయాణం బాగుంది గానీ రేటు కోసం అంత దూరం పోనక్కర్లేదు, తేడా రెండు మూడు పైసలే. పెద్ద మాల్‌లో ఉన్న కౌంటర్ అన్నిటికంటే దండగ. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది గనక సోమవారం రేటు ఎటు పోతుందోనన్న భయంతో చాలాచోట్ల కోత కాస్త పెంచుతారు. తొందర లేకపోతే పని రోజున పంపడమే నయం. కౌంటర్‌లో అడగాల్సింది కూడా రేటెంత, చార్జీ ఎంత అని విడివిడిగా కాదు. “నేను రెండు వేలు చేతికిస్తా, ఇంటి ఖాతాలో రూపాయలెన్ని పడ్తయ్?” అని బావ అడిగితే అమ్మాయి కంప్యూటర్‌లో చూసి ఒకే అంకె చెప్పింది.

ఎక్స్ఛేంజ్‌లో డబ్బు ఇక్కడే రూపాయల్లోకి మారి వెళ్తుంది కాబట్టి రసీదులో ఉన్న అంకే ఖాతాలో పడుతుంది. బ్యాంకు నుంచి డాలర్లుగా పంపితే అలా కాదు. దిర్హాము డాలరయ్యేటప్పుడు ఒక కోత, మన బ్యాంకులో రూపాయయ్యేటప్పుడు ఇంకో కోత, దానిమీద జీఎస్‌టీ. దారిలో మధ్య బ్యాంకు ఉంటే దాని చార్జీ కూడా. ఇంట్లోవాళ్లు కౌంటర్‌లో నగదుగా తీసుకునే పద్ధతి అత్యవసరానికి మంచిదే గానీ చేతికి 50,000 రూపాయల వరకే ఇస్తారు.

ఇంటి దగ్గర చిక్కంతా ఖాతాతోనే. మా చెల్లెలి పాస్‌బుక్ ఆంధ్రా బ్యాంకుది. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిశాక ANDBతో మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీ పోయి UBINతో మొదలయ్యే కొత్తది వచ్చింది. పాత పాస్‌బుక్ ఫోటో చూసి కోడ్ కొడితే డబ్బు తిరిగిరావచ్చు, వచ్చిన రోజు రేటు ఇంకోలా ఉండొచ్చు. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతా అయితే ఇంకా కష్టం: గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా విదేశీ సొమ్ము జమ కానివ్వరు. బావ ముందే ఫోన్ చేసి కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ వాట్సాప్‌లో తెప్పించుకున్నాడు. కౌంటర్‌లో సంతకం పెట్టేముందు రసీదు మీద ఖాతా నంబరు, పేరు, కోడ్, చివరి రూపాయల అంకె చెల్లెలికి ఫోన్లో చదివి వినిపించాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కున్నా ఆగలేదు.